రోజుకు రెండు వందల ఇరవై

ఆ షాపులో అందరూ ఆయన్ను మాస్టారనే పిలిచేవారు. పాతికేళ్ళు ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పాడు. పిల్లలు ఫోన్లలో చదువుకోవడం మొదలుపెట్టాక ఆయన అరుగు ఖాళీ అయింది. యాభై నాలుగేళ్ళ వయసులో రోగుల సామాన్లు అద్దెకిచ్చే షాపులో కౌంటరు దగ్గర చేరాడు. వీల్‌చైర్లు, మడత మంచాలు, చేతికర్రలు, ఆక్సిజన్ మెషిన్లు. గోడ వెంట వాటిని వరసగా నిలబెట్టి, మీద దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్లు కప్పేవారు.

ఎక్కువ డబ్బు తెచ్చేవి ఆక్సిజన్ మెషిన్లే. గదిలో ఉన్న గాలినే లోపలికి లాగి, వడకట్టి, ఆక్సిజన్ ఎక్కువున్న గాలిని సన్నటి గొట్టం గుండా ముక్కుకు అందిస్తాయి. అప్పట్లో గోడమీద బోర్డు ఇలా ఉండేది: ‘ఆక్సిజన్ మెషిన్. అద్దె నెలకు 6,600. కొంటే 54,000.’ వచ్చినవాళ్ళు బోర్డు ముందు నిలబడి మనసులో భాగించుకునేవారు. ఎనిమిది నెలలు దాటితే కొనడమే నయం కదా అనేవారు. సగం మంది కొనేవారు. కొందరు బేరమాడి, ఆలోచించి చెబుతామని వెళ్ళిపోయేవారు.

ఓనరుకు కొనేవాళ్ళమీద పెద్ద ఆశ లేదు. అమ్మితే ఒక్కసారి లాభం. అద్దెకిస్తే ఆ మెషిన్ ఏళ్ళ తరబడి సంపాదించి పెడుతుంది.

“మాస్టారూ, లెక్కలు చెప్పినవాళ్ళు మీరు. ఈ బోర్డు చూసి జనం ఎందుకు బెదురుతున్నారో చెప్పండి,” అన్నాడు ఒకరోజు.

మాస్టారు బోర్డు వంక చూశాడు. “ముప్పైతో భాగించండి సార్. రోజుకు రెండు వందల ఇరవై. జేబులోంచి తీసి ఇచ్చేసే డబ్బులా ఉంటుంది. పక్కన కొనే ధర రాయకండి. అడిగినవాళ్ళకు నోటితో చెబుదాం.”

బోర్డు మారింది. మొదటి వారంలోనే పండ్ల దుకాణదారొకడు వచ్చాడు. తల్లికి నిమ్ము చేసి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాడు, పదిరోజులు ఆక్సిజన్ కావాలన్నారట. తొమ్మిదో రోజున మెషిన్ తిరిగి తెచ్చి, పందొమ్మిది వందల ఎనభై కట్టి, రెండు చేతులూ జోడించి వెళ్ళాడు. నెల లెక్కయితే అతనికి దండగయ్యేది. తన ఆలోచన వల్ల ఒకరికి మేలు జరిగిందని మాస్టారు ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

ఆ హుషారులో ఓనరు శ్వాస మెషిన్ కలిపిన పెద్ద మంచానికి కూడా ‘రోజుకు 1,900’ అని రాయించాడు. జనం అది చూసి నోరు తెరిచి వెనక్కి తిరిగారు. రోజూ అంత డబ్బు జేబులోంచి పోతుందన్న ఊహకే గుండె జారిపోతుంది. దాన్ని మళ్ళీ నెల ధరకు మార్చారు. చిన్న అంకె దగ్గరే ఈ మందు పనిచేస్తుందని మాస్టారుకు అప్పుడు అర్థమైంది.

రెండు నెలలు తిరిగేసరికి ఆక్సిజన్ మెషిన్లు కొనేవాళ్ళు దాదాపు లేకుండాపోయారు. అద్దెకు తీసుకున్నవాళ్ళు నెలలకొద్దీ ఉంచుకుంటున్నారు. ఓనరు మాస్టారు జీతం పెంచాడు.

టైలరమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే.

నలభై ఐదు దాటిన మనిషి. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. రెండు వీధుల అవతల ఒక పెద్ద బట్టల షాపు వెనకగదిలో కూర్చుని, కొత్త ప్యాంట్ల పొడవు తగ్గించడం, నడుము బిగించడం ఆమె పని. భర్త ముప్పైయేళ్ళు రాళ్ళకు పాలిష్ పట్టాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది.

“రోజుకు పదహారు గంటలు పెట్టుకోవాలన్నారు డాక్టరు గారు. రాత్రంతా, పగలు సగం,” అని చీటీ కౌంటరు మీద పెట్టింది. “ఎన్నాళ్ళండీ అంటే, ఇక ఎప్పటికీ అన్నారు.”

మాస్టారు చీటీ చదివాడు. “నిమిషానికి రెండు లీటర్లు. మన దగ్గర ఉందమ్మా. రోజుకు రెండు వందల ఇరవై.”

“మొత్తం ఎంతవుతుందండీ?”

“మొత్తమని ఎందుకనుకుంటారు? మీరు రోజుకెన్ని ప్యాంట్లు సరిచేస్తారు?”

“పదిహేను, ఇరవై.”

“ఒక్కోదానికి?”

“అరవై వస్తుంది నాకు.”

“అయితే నాలుగు ప్యాంట్లు. పొద్దున్నే నాలుగు కుట్టేస్తే ఆయన గాలి డబ్బులు వచ్చేసినట్టే. మిగతా రోజంతా మీది.”

ఆమె మొహంలో బిగువు సడలింది. “నాలుగేనా,” అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, “కొనుక్కోవచ్చా దీన్ని?” అంది.

“కొనచ్చు. యాభై నాలుగు వేలు. ఒక్కసారే పెట్టాలి. రిపేర్లొస్తే మీవే. అద్దెకయితే మూడు నెలలకోసారి నేనే వచ్చి ఫిల్టర్లు చూసి వెళ్తాను.”

ఇందులో అబద్ధమేమీ లేదు. ఎప్పటికీ కావాలన్న చీటీ మాత్రం ఆయన చేతిలోనే ఉంది. ఎనిమిది నెలల తర్వాత ఏమవుతుందో చెప్పడానికి ఆయనకు కాగితం కూడా అక్కర్లేదు. చెప్పలేదు. ఆమె ఐదు వేల డిపాజిట్టు, మొదటి నెల అద్దె కట్టింది.

“డిపాజిట్టు లెక్క చివర్లో చూసుకుందాం,” అని రసీదు చింపి ఇచ్చాడు.

మూడు నెలలకు మాస్టారు వాళ్ళింటికి వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన గుర్రుమంటూ మెషిన్. టైలరమ్మ భర్త దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెద్ద చేతులు, వేళ్ళ చివర్లు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు గానీ సరదా మనిషి.

“రండి మాస్టారూ. ఇదిగో, కొత్త కోడలు. ఒక్క క్షణం నోరు మూయదు.”

మాస్టారు నవ్వి, ఫిల్టరు తీసి దులిపాడు. మెషిన్ వెనక చిన్న గాజు గడిలో గంటల మీటరు ఉంటుంది. ఎన్ని గంటలు నడిచిందో అది చూపిస్తుంది. ఎప్పుడు సర్వీసు చేయాలో తెలియడానికే. మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని వెయ్యి నాలుగు వందల అరవై అని పుస్తకంలో రాసుకున్నాడు.

“అదేంటి, మీటరా?” అన్నాడు టైలరమ్మ భర్త. “నేను పీల్చే గాలికి కూడా మీటరు పెట్టారా?”

“అవునండీ. రాసుకెళ్ళాలి.”

“మీది రోజు రేటు కదా?”

“రోజు రేటే,” అన్నాడు మాస్టారు గొట్టం బిగిస్తూ.

“పదహారు గంటలు ఒక రోజు, అంతే కదా డాక్టరు లెక్క?”

“అంతేనండీ, పదహారు.” మాస్టారు మనసు గొట్టంలోంచి వస్తున్న సన్నటి చప్పుడు మీద ఉంది. ఎక్కడో గాలి తప్పుతోంది. దాన్ని సరిచేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

మంచం మీది మనిషి ఆ తర్వాత చాలాసేపు మీటరు వంక చూస్తూ ఉండి ఉంటాడు. ఇంటికి కరెంటు మీటరు ఉంటుంది. ఎంత వాడితే అంత. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. పదహారు గంటలు తిరిగితే రెండు వందల ఇరవై. తిరగకపోతే ఆ డబ్బు మిగిలినట్టు. నెలనెలా కడుతున్నది సుమారు లెక్కనీ, మీటరు చూసి చివర్లో డిపాజిట్టుతో కలిపి సర్దుతారనీ అనుకున్నాడు. ఈ మాట భార్యకు చెప్పలేదు. చెబితే మెషిన్ ఆపనివ్వదు.

ఆమె పొద్దున తొమ్మిదికి పనికి వెళ్ళి సాయంత్రం ఆరుకు వచ్చేది. రాత్రి ఆమె పక్కనే ఉంటుంది కాబట్టి మెషిన్ నడవాల్సిందే. పగలు ఆయన చేతిలో ఉండేది. మొదట్లో వారానికి రెండు రోజులు, పగలు వేసుకోవలసిన ఎనిమిది గంటలూ ఆపి కూర్చునేవాడు. ఆమె గేటు చప్పుడు వినగానే మళ్ళీ వేసేవాడు.

ఆరో నెలలో మాస్టారు వచ్చినప్పుడు మీటరు రెండు వేల ఏడు వందలు చూపించింది. రెండు వేల తొమ్మిది వందలు ఉండాలి. ఆయన లెక్కల మనిషి. ఆ తేడా కంట్లో నలుసులా తగిలింది.

“సరిగా పెట్టుకోవట్లేదా ఏమిటి?”

“ఈమధ్య కాస్త నయంగా ఉందండీ. పగలు అంత అవసరం పడట్లేదు.”

మాస్టారుకు ఆ మాట వినడం బాగుంది. రోగం తగ్గిందంటే ఎవరు కాదంటారు? అంకె రాసుకుని సంతకం పెట్టి వచ్చేశాడు.

ఎనిమిదో నెలలో టైలరమ్మ షాపులో పని తగ్గింది. బట్టల కంపెనీవాళ్ళే కొలతకు కుట్టి పంపడం మొదలుపెట్టారు. పొద్దున్నే నాలుగు ప్యాంట్లు అయిపోయేవి కావు. సాయంత్రానికి నాలుగు దొరికితే గొప్ప. ఒక రాత్రి భోజనం దగ్గర ఆమె, “ఇవాళ వచ్చిందంతా మెషిన్‌కే సరిపోయింది,” అంది. నొప్పించాలని కాదు, అలసటతో నోరు జారింది. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“ఇవాళ నేనేం చేశానే? మంచం మీద కూర్చున్నాను. దానికి రెండు వందల ఇరవయ్యా?”

“ఏం మాటలవి? తినండి.”

నెలకు ఆరువేల ఆరు వందలని ఉంటే అది మెషిన్ ఖరీదులా వినిపించి ఉండేది. రోజుకు ఇంత అన్నాక అది ఆయన రోజు ఖరీదైంది. పొద్దున లేచింది మొదలు ఆ అంకె ఆయన పక్కనే కూర్చునేది. ఇక వారానికి రెండు రోజులు కాదు, దాదాపు రోజూ పగలు మెషిన్ ఆపేశాడు. ఆ నెల కరెంటు బిల్లు తగ్గి వస్తే టైలరమ్మ సంతోషపడింది. ఫ్యాను వాడకం తగ్గింది కదా అనుకుంది.

తొమ్మిదో నెల సర్వీసుకు మీటరు మూడు వేల ఏడు వందలు. మూడు నెలల్లో వెయ్యి గంటలే. మనిషి పాదాలు ఉబ్బి ఉన్నాయి. పెదవులు నేరేడు రంగు. మాస్టారు అంకె రాయబోయి ఆగాడు.

“ఒంట్లో ఎలా ఉంది?”

“బ్రహ్మాండంగా ఉంది. చెప్పుల సైజు పెరిగిందంతే.”

“డాక్టరుకు చూపించండి. ఆలస్యం చెయ్యకండి.”

ఆ మాట ఆయనకే చెప్పాడు. టైలరమ్మకు ఫోను చేయాలని దారిలో అనుకున్నాడు. షాపుకు చేరేసరికి రెండు డెలివరీలు ఎదురుచూస్తున్నాయి. సాయంత్రం చేద్దామనుకున్నాడు. మర్నాడు గుర్తొచ్చింది, ఆ తర్వాత గుర్తు రాలేదు.

మూడు వారాల తర్వాత టైలరమ్మ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మెషిన్ ఆగి ఉంది. ఆయన మంచానికి అడ్డంగా ఒరిగి, పిలిస్తే పలకకుండా మగతగా చూస్తున్నాడు. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాడు. చాలాకాలంగా ఆక్సిజన్ చాలక గుండె మీద భారం పడిందన్నారు. “ఇంట్లో సరిగా పెట్టుకునేవారేనా?” అని అడిగారు. ఆమె నిజమనుకునే, “రోజూ పెట్టుకునేవారండీ,” అంది. ఐదోరోజు తెల్లవారకముందే ఆయన పోయాడు.

పన్నెండు రోజుల తర్వాత ఆమె షాపుకు వచ్చింది. ఆటోవాడు మెషిన్‌ను లోపల పెట్టి వెళ్ళాడు. దాని గొట్టం చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. “కూర్చోండమ్మా,” అన్నాడు.

ఆమె కూర్చోలేదు. సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. “దిండు గలీబులో దొరికింది. ఆయన రాత.”

పాత క్యాలెండరు కాగితం వెనక వైపు పెన్సిలుతో వరసగా రాసిన అంకెలు. తేదీ, ఎదురుగా మెషిన్ ఆపిన గంటలు; చివరి తేదీ తొమ్మిదో నెల సర్వీసు రోజుది. ఎనిమిది, ఎనిమిది, ఆరు, ఎనిమిది. కింద గీత కొట్టి కూడాడు: ఆరు వందల యాభై ఆరు. దాన్ని పదహారుతో భాగించాడు: నలభై ఒక్క రోజులు. దాన్ని రెండు వందల ఇరవైతో గుణించాడు: తొమ్మిది వేల ఇరవై. దాని కింద, ‘వాపసు రావాలి. మీటరుతో సరిచూసుకోవాలి. ఇంటిదానికి చెప్పాలి.’

మాస్టారు ఆ కూడికను మళ్ళీ మళ్ళీ చూశాడు. ఎక్కడా తప్పు లేదు.

“వాడని గంటలకు తగ్గిస్తారట కదా,” అంది ఆమె. “మీరు ఆయనతో అన్నారా?”

రోజు రేటేనా అని అడిగిన గొంతు, బిగిస్తున్న గొట్టం, తను చెప్పిన జవాబు ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. “రోజు రేటన్నానమ్మా. వాడినా వాడకపోయినా పడుతుందని చెప్పలేదు.”

“మీటరు రాసుకునేవారు కదా.”

“అది సర్వీసు కోసం.”

ఆమె మెషిన్ వెనక మీటరు వంక చూసింది. “తగ్గాయని కనిపించలేదా?”

“కనిపించింది,” అన్నాడు మాస్టారు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. “మొత్తం ఎంతయిందో ఇప్పుడైనా చెబుతారా?” అంది.

“పది నెలలు. అరవై ఆరు వేలు.”

“కొనుంటే?”

“యాభై నాలుగు. సర్వీసులకు ఇంకో మూడు వేలు వేసుకోండి. మెషిన్ మీదే అయ్యేది. వాడినా, ఆపినా, దానికి రోజు లెక్క ఉండేది కాదు.”

“ఆ రోజు నా దగ్గర నలభై ఐదు వేలు ఉన్నాయి మాస్టారూ. సొంతంగా షాపు పెట్టుకుందామని దాచుకున్నవి. తొమ్మిది వేలు ఎవరినడిగినా ఇచ్చేవాళ్ళు. మొత్తం ఎంతని నేను మిమ్మల్ని అడిగాను.”

“అడిగారు.”

“మీరు నన్ను ప్యాంట్లు లెక్కపెట్టమన్నారు.”

ఆమె కాగితం కౌంటరు మీదే వదిలింది. “ఓనరు గారికి చూపించండి. మా ఆయన కష్టపడి మిగిల్చిన డబ్బు. వస్తే వచ్చిందని చెప్పండి. రాకపోతే అదీ చెప్పండి.”

ఓనరు కాగితాన్ని చివరిదాకా చదివాడు. చెడ్డవాడు కాదు. చదివి కళ్ళు తుడుచుకున్నాడు కూడా. “పాపం. డిపాజిట్టు పూర్తిగా ఇచ్చేయండి, ఏమీ కొయ్యకండి. కానీ ఇది ఎలా ఇస్తాం? ఇదిస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టే. రేపు ప్రతివాడూ మీటరు పట్టుకుని వస్తాడు.”

“బోర్డు మార్చేద్దాం సార్. నెల ధర, కొనే ధర, ఎన్ని నెలలు దాటితే కొనడం నయమో, అన్నీ రాద్దాం. వాడకపోయినా అద్దె పడుతుందని కూడా. పదిరోజులకు వచ్చేవాళ్ళకు రోజు ధర ఉంచుదాం. ఎప్పటికీ అని చీటీ తెచ్చేవాళ్ళకు అది చెప్పకూడదు.”

“ఆ బోర్డు పెట్టమన్నది మీరే కదా మాస్టారూ,” అన్నాడు ఓనరు మెల్లగా. బోర్డు మారలేదు.

ఆ రోజు నుంచి మాస్టారు ప్రతి రసీదు వెనకా తన చేత్తో మూడు నెలలకు ఎంత, ఆరు నెలలకు ఎంత, ఏడాదికి ఎంత అని రాసివ్వసాగాడు. మనుషులు కొందరు చదివి అక్కడే నిలబడిపోయేవారు. ఇద్దరు కొన్నారు. ఒకామె ఏడాది అంకె చూసి ఏడ్చి, ఏదీ తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఆమె ఇంట్లో ఎవరికి గాలి కావాలో, వాళ్ళేమయ్యారో మాస్టారుకు తెలియలేదు. నెల తిరక్కుండా ఓనరు ఆయన్ను కౌంటరు నుంచి గోడౌనుకు మార్చాడు. జీతం పాతదే అయింది.

జీతం అందిన మర్నాడు మాస్టారు డిపాజిట్టు ఐదు వేలు ఒక కవరులో, తొమ్మిది వేల ఇరవై మరో కవరులో పెట్టుకుని బట్టల షాపు వెనకగదికి వెళ్ళాడు. కిటికీ లేని గది. ట్యూబులైటు కింద టైలరమ్మ ఒక నల్ల ప్యాంటు కుట్లు విప్పుతోంది.

ఆమె మొదట డిపాజిట్టు కవరు పక్కన పెట్టి, రెండో దాంట్లోని నోట్లు లెక్కపెట్టింది. చివర్లో ఇరవై నోటు దగ్గర ఆగింది.

“షాపు వాళ్ళిచ్చారా?”

తనదని చెబుదామనే వచ్చాడు మాస్టారు. దారంతా ఆ మాటే కూడబలుక్కున్నాడు. కానీ ఆమె చూపు డబ్బు మీద లేదు. మాస్టారు పెదవుల వంక చూస్తోంది. ఈ డబ్బు షాపుదైతే మంచం మీద ఊపిరాడక కూర్చున్న ఆ మధ్యాహ్నాలకు ఒక అర్థం ఉంటుంది. కాకపోతే ఆమె భర్త ఊరికే పోయినట్టు.

“షాపే ఇచ్చిందమ్మా. మీటరుతో సరిచూశారు.”

“అయితే ఆయన లెక్క తప్పలేదు.”

“తప్పలేదు.”

పాతికేళ్ళు పిల్లల పుస్తకాల్లో తప్పుల్ని ఎర్రగా చుట్టిన మనిషి, అది చెప్పి తల దించుకున్నాడు. ఆమె కవర్లు రెండూ సంచిలో వేసుకుంది. బ్లేడు అందుకుని మళ్ళీ కుట్లు విప్పసాగింది. మాస్టారు తలుపు దగ్గర కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.